‘వెళ్ళకండి’లో ‘క’ ఎక్కడికి పోయింది?

ఆ ఆదివారం నేను ‘నీళ్ళలోకి వెళ్ళకండి’ అన్నాను. నా కుడిచేతివైపు చివరన నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు ‘నీళ్ళలోకి వెళ్ళండి’ అని విన్నారు. విని ఊరుకోలేదు, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి దిగిపోయారు. ఆర్కే బీచ్‌లో నీళ్ళ సంగతి విశాఖవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పైకి మెత్తగా కనిపించే అల కిందనుంచి కాళ్ళు లాగేస్తుంది. విజిల్ ఊది, పరుగెత్తి, చేతులు ఊపి వాళ్ళని వెనక్కి తెచ్చేసరికి నా గుండె నోట్లోకి వచ్చింది. ఒకడు మాత్రం ఏమీ తెలియనట్టు ‘మీరే కదా సార్ వెళ్ళమన్నారు’ అన్నాడు. వాడి తప్పేమీ లేదు.

మేం నెలకోసారి పొద్దున్నే బీచ్‌లో చెత్త ఏరతాం. కాలనీ వాకింగ్ మిత్రులు, రెండు కాలేజీల పిల్లలు, వాళ్ళ వెంట వచ్చే అమ్మానాన్నలు కలిపి ఎండాకాలంలో నాలుగు వందలమంది దాకా అవుతాం. అయిదున్నరకి చేరితే ఏడున్నరకల్లా, అంటే ఎండ ముదరకముందే, పని అయిపోవాలి. మైకు ఎందుకు పెట్టుకోరు అని అందరూ అడుగుతారు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మేం మాట్లాడాల్సింది సరిగ్గా ఆరుకి ముందు. కాబట్టి గొంతే దిక్కు.

నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను, ఎన్‌సీసీ పెరేడ్ చేయించాను. గొంతు విషయంలో నాకు గర్వం ఉండేది. ఆ రోజు అది కాస్త తగ్గింది. ఇంటికొచ్చి రెండురోజులు గొంతు బొంగురుపోయి కూచున్నాక ఒక సంగతి అర్థమైంది. గొంతు చాలకపోవడం కాదు, నేను చెప్పిన వాక్యం ఆరుబయటికి పనికిరాదు. జనం కంచుకంఠం అని ఎవర్నో పొగుడుతూ ఉంటారు గానీ, మైకు లేని సభలో కంఠం పాత్ర చాలా చిన్నది. నిలబడే చోటు, మాట కట్టిన తీరు, ఈ రెండే ముప్పాతిక పని చేస్తాయి. ఈ మాట వేదిక మీద బతికేవాళ్ళు ఒప్పుకోరని తెలుసు. అయినా వాదిస్తాను.

ముందు దూరం సంగతి. ఆరుబయట చుట్టూ గోడలు లేని చోట, మనిషికీ మనిషికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్ తగ్గుతుంది. నేను బాగా గట్టిగా అరిస్తే మీటరు దూరంలో తొంభై డెసిబెల్ దాకా ఉంటుందనుకుందాం. రెండు మీటర్ల దగ్గర 84, నాలుగు దగ్గర 78, ఎనిమిది దగ్గర 72, పదహారు దగ్గర 66, ముప్ఫైరెండు మీటర్ల దగ్గర 60. ఈ చివరి అంకె పక్కన కూచుని కబుర్లు చెప్పుకునే గొంతుతో సమానం. అదే చోట అలల హోరు, నాలుగు వందలమంది గుసగుస కలిసి ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే అరవైకి పైనే చూపించింది. ఫోన్ లెక్క ఉరామరిగా ఉంటుందిగానీ, ముప్ఫై మీటర్ల అవతలివాడికి నేను అలతో సమానమైన చప్పుడునే అని మాత్రం తేలింది. మధ్యలో మనుషుల ఒంట్లు కూడా కాస్త మింగేస్తాయి.

ఇప్పుడు ఆ రోజు జనం ఎలా నిలబడ్డారో చెప్తాను. ఇసుక మీద ఎవరికి తోచినచోట వాళ్ళు. నాకు బాగా దగ్గరవాళ్ళు మూడు మీటర్లలో, దూరంవాళ్ళు దాదాపు అరవై మీటర్లలో. చదరపు మీటరుకి ఇద్దరి చొప్పున నిలబెడితే నాలుగు వందలమందికి రెండు వందల చదరపు మీటర్లు చాలు. దాన్ని అర్ధచంద్రాకారంగా నా ముందు పరిస్తే ఆఖరి వరస నాకు పదకొండు, పన్నెండు మీటర్ల దూరంలో ఉంటుంది. అరవై నుంచి పన్నెండుకి రావడం అంటే అయిదో వంతు. డెసిబెల్‌లో పధ్నాలుగు. అంత ఎక్కువ గొంతు తెచ్చుకోవాలంటే ఏ గురువు దగ్గరా కుదరదు. ‘దగ్గరికి రండి బాబూ’ అంటే చాలు.

ఈ లెక్క వేసే అలవాటు పాతదే. 1739లో ఫిలడెల్ఫియాలో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే మతబోధకుడు నడివీధిలో మాట్లాడుతుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వింటూ వింటూ వెనక్కి నడుచుకుంటూ పోయాడట. మాట ఎక్కడిదాకా స్పష్టంగా తెలుస్తుందో అక్కడ ఆగి, ఆ దూరంతో అర్ధవృత్తం ఊహించుకుని, మనిషికి రెండు చదరపు అడుగుల చొప్పున లెక్కేసి, ముప్ఫై వేలమందికి పైగా వినగలరని తేల్చాడు. మనిషికి రెండు చదరపు అడుగులంటే మన కాంప్లెక్స్ బస్టాండులో పండగ రద్దీ. అంకె మీద మీ నమ్మకం మీది. నాకు నచ్చింది ఆ పద్ధతి. మాట్లాడేవాడు ‘ఎంత గట్టిగా అరవాలి’ అనుకుంటాడు. ఫ్రాంక్లిన్ ‘ఎక్కడిదాకా తెలుస్తోంది’ అని నడిచి చూశాడు. మా గుంపులో ఇప్పుడు ప్రతిసారీ ఒకరు ఆ నడక నడుస్తారు.

తర్వాత గాలి. ఆ రోజు నేను రోడ్డు వైపు మెట్ల మీద నిలబడి సముద్రం వైపు తిరిగి మాట్లాడాను. ఎడమచేతివైపు, అంటే సబ్‌మెరైన్ మ్యూజియం వైపు ఉన్నవాళ్ళకి బాగానే వినపడింది. కుడివైపు, కాళీమాత గుడి వైపు ఉన్నవాళ్ళకే ‘వెళ్ళండి’ అని చేరింది. ఎండాకాలంలో నైరుతి గాలి మన తీరం వెంబడే, గుడి నుంచి సబ్‌మెరైన్ వైపు వీస్తుంది. గాలి నేల దగ్గర నెమ్మదిగా, పైన జోరుగా ఉంటుంది కదా. అందువల్ల గాలికి ఎదురెళ్ళే శబ్దం కొంచెం కొంచెంగా పైకి వంగి, వినేవాళ్ళ తలల మీదుగా పోతుంది. గాలితో పాటు వెళ్ళేది కిందికి వంగి చెవుల్లో పడుతుంది. గాలి మాటని మోసుకుపోతుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి అది మాటని వంచుతుంది. ఎదురుగాలిలో ఎంత అరిచినా ఆకాశానికే.

ఇప్పుడు వెళ్ళగానే చేసే మొదటి పని, గుప్పెడు పొడి ఇసుక తీసి భుజం ఎత్తు నుంచి జారవిడవడం. ఎటు పడుతుందో చూసి, గాలి నా వీపుకి తగిలేలా నిలబడతాను. ఎండాకాలంలో అయితే గుడి వైపు చివర, ముఖం సబ్‌మెరైన్ వైపు. అలా నిలబడితే ఇంకో లాభం కూడా ఉంది. సముద్రం నా కుడిపక్కన ఉంటుంది కాబట్టి వెనకవరసవాళ్ళు అలల పక్కకి పోరు. మొదట నేను నిలబడినట్టు సముద్రానికి ఎదురుగా నిలబడితే, నాకు అందరికన్నా దూరంగా ఉన్నవాళ్ళే హోరుకి అందరికన్నా దగ్గరగా ఉంటారు. రెండు దెబ్బలూ ఒకరికే. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి జోరుగా నేల మీదికి కొడుతుంది. అప్పుడు సముద్రం వీపువైపు ఉండాలి, జనం రోడ్డు వైపు. సాయంత్రం సభలు పెట్టేవాళ్ళు ఫొటోలో సముద్రం బాగా పడాలని ఇలా నిలబడుతుంటారు. పొరపాటున మంచిపని చేస్తున్నారు.

ఇక అసలు విషయం, వాక్యం. ఆ రోజు నేను చెప్పింది ఇది. కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

‘అందరికీ శుభోదయం. ఈ రోజు మనం రెండు జట్లుగా విడిపోయి గుడి వైపు కొందరు, సబ్‌మెరైన్ వైపు కొందరు వెళ్ళి, ప్లాస్టిక్ తెల్ల సంచుల్లోనూ గాజుముక్కలు గోనెసంచుల్లోనూ వేసుకుంటూ, తడి ఇసుక దాటి నీళ్ళలోకి వెళ్ళకుండా, ఎవరూ నీళ్ళలోకి వెళ్ళకండి దయచేసి, ఏడున్నరకల్లా మళ్ళీ ఇక్కడికే రావాలని కోరుతున్నాను.’

తరగతిగదిలో ఈ వాక్యానికి నేనే పదికి ఎనిమిది వేస్తాను. వ్యాకరణం శుభ్రంగా ఉంది, వరస ఉంది. ఇసుక మీద మాత్రం ఇది ఘోరం. ఒడ్డున వల లాగడానికి వచ్చి, మా తతంగం చూస్తూ బీడీ కాల్చుకుంటున్న ఒక పెద్దాయన నాతో ఆ రోజే అన్నాడు. ‘ఏటి మాస్టారూ, అంత బారు మాట సెప్తే గాలి ఉంచుతాదేటి? ముక్కలు సేసి ఇసరాల గానీ.’

ముక్కలు చేసి విసరాలి. ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. అయితే తెలుగు వాక్యాన్ని ఎక్కడ ముక్కలు చేయాలో తెలుసుకోవడానికి ఆ పెద్దాయన మాట పట్టుకుని నాకు మూడు నెలలు పట్టింది. ఎందుకంటే తెలుగు ఇచ్చే వరమూ పెట్టే తిప్పలూ రెండూ మాట చివర్లోనే ఉన్నాయి.

తిప్పలు ముందు చెప్తాను. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చెయ్యాలా వద్దా అన్నది ఆ క్రియ లోపల ఒక్క అక్షరంలో ఉంటుంది. వెళ్ళండి, వెళ్ళకండి. దాటండి, దాటకండి. ముట్టండి, ముట్టకండి. తేడా అంతా ఒక్క ‘క’. అది నోరు క్షణం మూసుకుని తెరుచుకునే చిన్న టక్కు తప్ప ఇంకేం కాదు. దాంట్లో బలం లేదు. పక్కనే ‘అండి’ అనే పెద్ద అచ్చుల మోత ఉంది. దీనికి తోడు వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, స్వరం కిందికి దిగుతుంది, గొంతు సన్నబడుతుంది. అంటే మొత్తం వాక్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన అక్షరాన్ని, అన్నిటికన్నా బలహీనమైన చోట, అన్నిటికన్నా బలహీనమైన ధ్వనితో చెప్తున్నాం. నాలుగు గోడల మధ్య ఏమీ కాదు. అలల పక్కన ఆ ‘క’ నీళ్ళలో కలిసిపోతుంది. కుర్రాళ్ళు దాని వెనకే దిగారు.

వరం ఏమిటంటే, మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. దూరం వెళ్ళేది అచ్చే. హల్లులు దగ్గరవాళ్ళకే. ముఖ్యంగా స, శ, ష లాంటి బుసబుస ధ్వనులకీ అల నురుగు చప్పుడుకీ పెద్ద తేడా ఉండదు, ఒకదాన్ని ఇంకొకటి మింగేస్తుంది. అచ్చుల్లోనూ నోరు బాగా తెరిచి పలికే ‘ఆ’ అన్నిటికన్నా బలమైనది, పెదాలు ముడిచే ‘ఉ’ వంటివి దానికన్నా తక్కువ. కాబట్టి ‘ఆగండి’ అన్నమాట ఆరుబయటికే పుట్టినట్టు ఉంటుంది. మొదటి అక్షరమే నిండు ‘ఆ’. ‘ఇక్కడితో సరిపెట్టండి’ అని ఎవరైనా అరిస్తే ఏం చేరుతుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి నాకు నేను పెట్టుకున్న నియమం ఇది. వద్దన్నది ఎప్పుడూ విడిమాటగా ఉండాలి. ‘వెళ్ళకండి’ కాదు, ‘వద్దు’. ‘దాటకండి’ కాదు, ‘ఆగండి’. విషయం ముందు ఒక ఊపిరిలో, ఏం చెయ్యాలో తర్వాత ఇంకో ఊపిరిలో. తెలుగులో ఇలా మాట్లాడితే తప్పుగా కూడా ఉండదు. ‘నీళ్ళు, వద్దు’ అంటే పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది.

రెండు ముక్కల మధ్య ఖాళీ ఎంత ఉండాలో నాకు పెరేడ్ నేర్పింది. ఎన్‌సీసీలో ‘దాహినే ముడ్’ అనే ఆర్డరు ఇచ్చేటప్పుడు ‘దాహినే’ని బాగా సాగదీస్తాం, ఒక అడుగంత ఆగుతాం, అప్పుడు ‘ముడ్’ని కొడతాం. సాగదీసిన భాగం ‘ఏదో రాబోతోంది, సిద్ధంగా ఉండు’ అని చెప్పడానికి. కొట్టిన భాగం ‘ఇప్పుడు’ అని చెప్పడానికి. ముప్ఫై ఏళ్ళు చేయించినా అది మైదానం చివరివాడికి వినిపించడం కోసం కట్టిన మాట అని నాకు తట్టలేదు. క్రమశిక్షణ అనుకున్నాను.

ఊళ్ళో చాటింపు కూడా ఇంతే. ముందు డప్పు. తర్వాత ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అని ఇంత బారు మొదలు. చిన్నప్పుడు ఆ పడికట్టు మాటలకి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే అందులో విషయం ఏమీ లేకపోవడమే దాని గొప్పదనం. జనం పని ఆపి, తల తిప్పి, చెవి ఆ గొంతుకి అలవాటు పడేలోపు పోయేది ఆ మాటలే, పోయినా నష్టం లేదు. అసలు కబురు చెవి సిద్ధమయ్యాకే మొదలవుతుంది. నా పాత ప్రకటనలో ‘రెండు జట్లు’ అన్నది రెండో వాక్యం మొదట్లోనే వచ్చింది. అప్పటికి సగంమంది ఇంకా చెప్పులు దులుపుకుంటున్నారు.

ఈ విషయంలో విశాఖకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు నిజానికి. 1966లో పుట్టిన ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ని ఒకసారి ఈ చెవితో వినండి. రెండు ముక్కలు. మొదటిది ఒకరిది, రెండోది జనానిది. రెండిటి చివరా ‘క్కు’. ఆ ఒత్తు దగ్గర నోరు మూసుకుని క్షణం నిశ్శబ్దం వస్తుంది, తర్వాత దెబ్బ పడుతుంది. వేలమంది ఒకేసారి పలకడానికి ఆ చిన్న నిశ్శబ్దం తాళంలా పనిచేస్తుంది. రెండో ముక్క ‘ఆ’తో మొదలవుతుంది కాబట్టి జనం గొంతు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి వరసవాడికి మొదటి ముక్కలో ‘ఉక్కు’ ఒక్కటే చెవిన పడినా మిగతాది తనే పూరించుకుంటాడు. ప్రాస అక్కడ అలంకారం కాదు, పోయిన అక్షరాలని తిరిగి తెచ్చుకునే ఉపాయం. 2021లో కూర్మన్నపాలెం దీక్షా శిబిరం దగ్గర అదే నినాదం మళ్ళీ విన్నాను. లారీల మోతలో కూడా ముక్క చెదరలేదు.

ఇప్పుడు మా కార్డు చూడండి. అరచేతిలో పట్టేంత అట్టముక్క. ఒక్కో వరస ఒక్కో ఊపిరి. నిలువుగీత దగ్గర మనసులో ‘ఒకటి, రెండు’ అనుకునేంతసేపు ఆగాలి. సాగదీయాల్సిన అచ్చు పక్కన చుక్కలు.

విశాఖా… | (జనం: ఓ…!)
విశాఖా… | (జనం: ఓ…!)
రెండు జట్లు!
నా ఎడమ… | గుడికి!
నా కుడి… | సబ్‌మెరైన్!
తెల్ల సంచి… | ప్లాస్టిక్!
గోనెసంచి… | గాజు!
తడి ఇసుకా… | ఆగండి!
నీళ్ళు… | వద్దూ…!
రెండు విజిళ్ళు… | రండీ…!

‘విశాఖా’ రెండుసార్లు మా చాటింపు. అందులో కబురేమీ లేదు. నా ఎడమ, నా కుడి అన్నప్పుడు చెయ్యి పూర్తిగా చాచి చూపిస్తాను. మా గుంపులో హిందీ, ఒడియా, బెంగాలీ ఇళ్ళవాళ్ళు కూడా ఉంటారు. మాట అందనివాళ్ళకి చెయ్యి అందుతుంది. సంచి అన్నప్పుడు ఆ సంచినే తలపైకి ఎత్తుతాను. ‘ఏడున్నర’ తీసేశాను. దూరానికి అంకెలు నమ్మదగినవి కావు. ఏడు, మూడు రెండూ ‘డు’తోనే ముగుస్తాయి, ‘ఏడున్నర’లో సగం ఎగిరిపోతే ‘ఏడు’ మిగులుతుంది. విజిల్‌కి ఆ బాధ లేదు.

‘వద్దూ’ని సాగదీయడం గురించి మా ఇంట్లో కూడా వాదన జరిగింది. పొట్టిగా తెగ్గొడితే కోపంగా, గట్టిగా ఉంటుంది కదా అని మా ఆవిడ. ‘ద్దు’ దగ్గర ఒత్తు ఉంది కాబట్టి దెబ్బ ఎలాగూ పడుతుంది, దాని తర్వాత అచ్చు సాగితేనే చివరివరసకి చేరుతుంది అని నేను. బాల్కనీలోంచి రెండు రకాలుగా అరిచి చూశాం. వీధి చివర కూరగాయల బండి అతను రెండోదానికే తిరిగి చూశాడు. కింది ఫ్లాటువాళ్ళు మాత్రం రెండిటికీ తిరిగి చూశారు.

గొంతు గురించి రెండే మాటలు. వరస మొదలుపెట్టేముందు పొట్ట కదిలేలా ఊపిరి తీసుకుని, అందులో సగమే వాడి ఆగాలి. మిగతా సగం ఉండబట్టే చివరి అక్షరం నిలబడుతుంది. గొంతులో గరగర మొదలైనా, మాటిమాటికీ దగ్గి సవరించుకోవాలనిపించినా, మెడనరం బిగుస్తున్నట్టున్నా మనం ఊపిరితో కాకుండా గొంతు నులిమి అరుస్తున్నట్టు లెక్క. అప్పుడు ఇంకా గట్టిగా కాదు, ఇంకా నెమ్మదిగా చెప్పాలి. ఇప్పుడు ఆ కార్డు మొత్తం నిమిషంలోపు అయిపోతుంది. మర్నాడు గొంతు మామూలుగా ఉంటుంది.

వినపడిందో లేదో తెలుసుకోవడం ఎలా? ‘వినపడుతోందా?’ అని అడగడం అంత పనికిరాని ప్రశ్న ఇంకోటి లేదు. వినపడినవాళ్ళు అవునంటారు. వినపడనివాళ్ళకి ప్రశ్నే వినపడదు. ముందువరసల ‘ఆఁ’ విని మనం సంతోషిస్తాం. అందుకని చివరివరసలో నిలబడినవాళ్ళ వైపు చెయ్యి చాచి, జవాబులో కబురు ఉండే ప్రశ్న వేస్తాను. ‘వెనకా… గాజు?’ అంటే ‘గోనెసంచి’ అని రావాలి. ‘నీళ్ళు?’ అంటే ‘వద్దూ’ అని రావాలి. గొణుగుడు వచ్చిందంటే చేరలేదు. ‘ఆఁ, ఆఁ’ అని వచ్చినా చేరలేదు. అప్పుడు గొంతు పెంచను, జనాన్ని నాలుగడుగులు ముందుకి రమ్మంటాను.

నాలుగు వందలమందికి ఇది సరిపోతుంది. వెయ్యిన్నర దాటితే? అర్ధచంద్రాకారం ఇరవైరెండు మీటర్లు దాటుతుంది, అంటే మళ్ళీ దాదాపు అలతో సమానం. అప్పుడు జనం చేతనే చెప్పించాలి. 2011లో న్యూయార్క్ జుకోటీ పార్కులో నిరసనకారులు, మైకుకి అనుమతి లేకపోవడంతో, ఇదే చేశారు. మాట్లాడేవారు ‘మైక్ చెక్’ అంటారు, చుట్టుపక్కలవాళ్ళు ‘మైక్ చెక్’ అని తిరిగి అంటారు. తర్వాత నాలుగైదు మాటల ముక్క, దాన్ని దగ్గరివాళ్ళందరూ కలిసి తిరిగి చెప్తారు, జనం మరీ ఎక్కువైతే అది రెండో అలగా, మూడో అలగా వెనక్కి పోతుంది. మన బుర్రకథలో వంతలు ‘తందాన తానా’ అందుకుంటే కథకుడికి ఊపిరి దొరుకుతుంది కదా, అలాగే ఇక్కడ కూడా ఆ ఖాళీ మాట్లాడేవాడికి విశ్రాంతి. కష్టమల్లా ఆగడంలోనే. చివరి అల పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. మధ్యలో రెండో ముక్క విసిరితే రెండూ కలిసి ముద్దవుతాయి. అందుకే చెయ్యి పైకెత్తి ఉంచాలి, అల ఆగాకే దించాలి.

ఒకసారి దాదాపు వెయ్యిమంది వచ్చినప్పుడు మేం ఇది చేశాం. ముక్కలో నాలుగు మాటలు దాటగానే జనం తడబడ్డారు, మొదటి రెండూ చివరి ఒకటీ పట్టుకుని మధ్యది వదిలేశారు. ఇంకో ఇబ్బంది, తప్పు కూడా అదే జోరుతో పాకుతుంది. ‘గోనెసంచి’ మూడో వరసకి ‘కోనసీమ’ అయ్యింది. వందమంది కలిసి కోనసీమ అంటే నమ్మక ఏం చేస్తారు. అందుకని తిరిగి చెప్పించేటప్పుడు ఎప్పుడూ వినని మాట ఏదీ పెట్టకూడదు. అంతకన్నా పెద్ద లోపం కూడా ఉంది. తర్కించాల్సిన విషయం, షరతులున్న విషయం, ‘అయితే గియితే’ ఉన్న విషయం ఈ పద్ధతిలో చెప్పడం అన్యాయం. నమ్మని మాటని కూడా జనం నోటితో అనిపిస్తున్నాం కదా. పనులు పురమాయించడానికి సరే, ఒప్పించడానికి వద్దు. అలాంటి సభ పెట్టుకునేవాళ్ళు ఆరు దాటాక పోలీసు అనుమతి తీసుకుని మైకు పెట్టుకోవాలి, నేనూ అదే చెప్తాను.

చేతిలో పట్టుకునే బ్యాటరీ మెగాఫోన్ ఇప్పుడు కారుచౌకగా దొరుకుతోందని ఒక మిత్రుడు ఒకటి తెచ్చిచ్చాడు కూడా. ఆరు దాటాక వాడి చూశాను. అది ముందుకి ఒక సన్నటి దారిలోనే బాగా పలుకుతుంది, పక్కలవాళ్ళకి తగ్గుతుంది. మీట నొక్కేలోపు మొదటి అక్షరం పోతుంది. అంతకన్నా దాని వల్ల నాకు జరిగిన నష్టం వేరు. అది చేతిలో ఉండగానే మళ్ళీ ‘అందరికీ శుభోదయం, ఈ రోజు మనం’ అని మొదలుపెట్టేశాను. ఇప్పుడది మా మనవడి బొమ్మల పెట్టెలో ఉంది.

కార్డు మార్చిన తర్వాత ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. వల లాగే పెద్దాయన ఒకసారి మళ్ళీ కనిపించి, అంతా విని, ‘ఇప్పుడు ఇసిరినారు’ అన్నాడు. ఒక్క చిక్కు మాత్రం మేం ఊహించలేదు. పోయినసారి పని అయ్యాక, ఎండకి వాడిపోయిన జనానికి సీసాలు పంచుదామని మా మిత్రుడొకాయన మెట్టెక్కి చేతులు చాచి ‘నీళ్ళూ…’ అని కేకేశాడు. నాలుగు వందలమందీ ఒక్క గొంతుతో ‘వద్దూ…!’ అన్నారు. ఆయన సీసాల పెట్టె పట్టుకుని తెల్లబోయాడు. వచ్చే నెల నుంచి ‘దాహం’ అని పిలుద్దామనుకున్నాం.